లెడ్జర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టక ముందే ఖాతాల పట్టీ ఎలా గీసుకోవాలి: భీమవరం రొయ్యల కంపెనీ లెక్కలతో

మా దగ్గర వ్యాపారాలు పెరిగే తీరు చాలామటుకు ఒకేలా ఉంటుంది. ముందు భీమవరంలో ఫీడ్ డీలర్‌షిప్, రెండేళ్ళకి దాని పక్కనే చెరువు మందులు, ప్రోబయాటిక్స్, తర్వాత పాలకొల్లులో ఒక డిపో, కైకలూరులో ఇంకోటి, నరసాపురంలో రొయ్యలు కొనే పాయింటు, చివరికి అప్పు తెచ్చి ఒక ప్రాసెసింగ్ ప్లాంటు. లెక్కలు మాత్రం మొదటి రోజు పెట్టిన పుస్తకంలోనే నడుస్తుంటాయి. కొత్త డిపో తెరిచిన ప్రతిసారీ గుమాస్తా "డీజిల్ - పాలకొల్లు", "డీజిల్ - నరసాపురం", "డీజిల్ - ప్లాంటు జనరేటరు" అని కొత్త లెడ్జర్లు తెరుస్తాడు. అతని తప్పేం లేదు. విడివిడిగా చూపించమని ఓనర్ గారు అడిగారు, అలా చూపించడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే.

నేను లెక్కలు చూసిన ఒక కంపెనీలో ఇలా ఖర్చు లెడ్జర్లే 412 అయ్యాయి. ఓనర్ గారు ప్రతి నెలా ఒకటే అడిగేవారు: "ఏమండీ, ఫీడులో ఎంత మిగిలింది, ప్లాంటులో ఎంత మిగిలింది, అది చెప్పండి చాలు." ఆ రెండు అంకెలు చెప్పడానికి ఎక్సెల్‌లో మాకు తొమ్మిది రోజులు పట్టేది, పైగా నేను తీసిన అంకె, నా పక్కన కూర్చున్నాయన తీసిన అంకె కలిసేవి కావు. కొత్త సాఫ్ట్‌వేర్ కొందామని అప్పుడే అనుకున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చి మొదటి రోజే "మీ ఖాతాల పట్టీ ఇవ్వండి, ఎక్కించేస్తాం" అన్నారు. ఆ 412 లెడ్జర్లూ అలాగే ఇచ్చి ఉంటే పాత గందరగోళమే కొత్త తెర మీద కనబడేది. అందుకని ఆరు వారాలు ఆపి, ముందు కాగితం మీద పని చేశాం. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఆరు వారాల పనే. మీ కంపెనీ చేపలదైనా, రైసు మిల్లుదైనా, కొబ్బరి పీచుదైనా పద్ధతి ఇదే.

ముందు ప్రశ్నలు రాసుకోండి, ఖాతాలు కాదు

ఓనర్ గారిని, ప్లాంటు మేనేజరుని, డిపోలు చూసే వాళ్ళని, ఆడిటర్ గారిని విడివిడిగా కలిసి, నెలాఖరుకి మీకు ఏ అంకె కావాలి అని అడగండి. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకోండి. మాకు వచ్చినవి ఇలా ఉన్నాయి: ఏ డిపో తన ఖర్చు తాను సంపాదిస్తోంది, ప్లాంటులో కిలోకి ఎంత పడుతోంది, రైతుల దగ్గర ఎంత బాకీ ఉంది, బ్యాంకు వాళ్ళకి నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ పుస్తకంతో కలుస్తోందా, జీఎస్టీ రిటర్నుకి అంకెలు నేరుగా వస్తాయా. మొత్తం ఇరవై లోపే.

ఇప్పుడు ఒక్కో ప్రశ్ననీ విరిచి చూడండి. "నరసాపురం పాయింటులో ప్లాంటు కోసం డీజిల్‌కి ఎంత పెట్టాం?" అన్న ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. డీజిల్ అనేది దేని మీద పెట్టాం అని చెబుతుంది, నరసాపురం ఎక్కడ అని, ప్లాంటు ఏ వ్యాపారం కోసం అని. పాత పుస్తకంలో ఈ మూడూ ఒకే లెడ్జర్ పేరులో ఇరికించారు. మా దగ్గర అసలు ఖర్చు రకాలు 38, చోట్లు 6, వ్యాపారాలు 3. ఈ మూడింటినీ ఒకే పేరులో పెడితే 684 లెడ్జర్ల దాకా వెళ్ళొచ్చు, విడదీస్తే 47 పేర్లతో సరిపోతుంది. ఖాతా ఎప్పుడూ "ఏమిటి" అన్నదానికి మాత్రమే జవాబు చెప్పాలి, "ఎక్కడ", "దేనికోసం" అన్నవి వోచరు మీద వేరే గడుల్లో ఉండాలి. ఆ గడులనే కొన్ని సాఫ్ట్‌వేర్లలో సెగ్మెంట్ అంటారు, కొన్నిటిలో డైమెన్షన్ అంటారు, టాలీలో అయితే కాస్ట్ కేటగిరీ కింద కాస్ట్ సెంటర్లు. టాలీలో చోటుకి ఒక కేటగిరీ, వ్యాపారానికి ఒక కేటగిరీ పెడితే ఒకే మొత్తాన్ని రెండింటికీ సమాంతరంగా రాయొచ్చు, అందుకని ఈ పని మొదలెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేరే ఉండాలని లేదు.

కొత్త ఖాతా ఎప్పుడు ఇవ్వాలి

అన్నీ గడుల్లోకి తోసేసి ఖాతాలు మరీ తగ్గించేయడం కూడా తప్పే. నేను ఏ పేరు వచ్చినా మూడు ప్రశ్నలు వేస్తాను. చట్టం ప్రకారం ఇచ్చే లెక్కల్లో ఇది వేరే వరుసలో కనబడాలా? పన్ను విషయంలో దీన్ని వేరేగా చూస్తారా? దీని నిల్వని ఎవరైనా బయటి కాగితంతో సరిపోల్చుతారా? ఒక్కదానికైనా అవును అని వస్తే ఖాతా ఇవ్వండి. మూడింటికీ కాదు అని వస్తే అది ఖాతా కాదు, గడిలో ఒక విలువ, లేదా అసలు అక్కర్లేనిది.

ఫీడ్ కొనుగోలు, రొయ్యల కొనుగోలు తీసుకోండి. రెండూ కొనుగోళ్ళే, వ్యాపారం గడి ఎలాగూ వేరు చేస్తుంది కదా, ఒకే ఖాతా చాలదా అని మా వాళ్ళొకరు అడిగారు. చాలదు. 2013 కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం లాభనష్టాల పట్టీలో, కొన్న సరుకు అలాగే అమ్మేది ఒక వరుసలో, తయారీలో వాడిన ముడిసరుకు ఇంకో వరుసలో చూపాలి. ఫీడ్ బస్తా వచ్చినట్టే పోతుంది, రొయ్య మాత్రం తలతీసి, పొట్టుతీసి, గడ్డకట్టించి పంపుతాం. కాబట్టి రెండు ఖాతాలు. అదే షెడ్యూలు బిల్డింగు రిపేర్లు, మిషనరీ రిపేర్లు విడిగా అడుగుతుంది, కరెంటు, ఇంధనం కలిపి ఒక వరుసగా అడుగుతుంది. మీ పాత పుస్తకంలో "రిపేర్లు" అని ఒకే లెడ్జర్ ఉంటే ప్రతి మార్చిలో ఆడిటర్ గారి కుర్రాళ్ళు వోచర్లన్నీ తిరగేసి విడదీస్తున్నారన్న మాట.

రెండో ప్రశ్నకి: బ్యాంకు వడ్డీ, ఆదాయపన్ను ఆలస్యంగా కట్టినందుకు పడిన వడ్డీ రెండూ "వడ్డీ"లో కలిపేయకండి. ఆదాయపన్ను లెక్కలో రెండోది ఖర్చుగా ఒప్పుకోరు, దాన్ని తిరిగి లాభానికి కలపాల్సి వస్తుంది. మూడో ప్రశ్నకి బ్యాంకు ఖాతాలే ఉదాహరణ, ఒక్కో బ్యాంకు ఖాతాకి ఒక్కో లెడ్జర్, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో స్టేట్‌మెంట్ వస్తుంది.

రొయ్య కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, దాని సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్లాంటు వాళ్ళు దీని మీద గట్టిగా పట్టుబడతారు. 30 కౌంటు కొనుగోలు, 40 కౌంటు కొనుగోలు, 60 కౌంటు కొనుగోలు అని ఖాతాలు కావాలంటారు, ధర కౌంటు మీదే నడుస్తుంది కనుక వాళ్ళ బాధ న్యాయమే. కానీ కౌంటు అనేది సరుకు గుణం, అది స్టాకు ఐటమ్‌లో ఉండాలి. కిలోలు, కౌంటు, ధర అన్నీ స్టాకు రిజిస్టరులో దొరుకుతాయి, లెడ్జరులోకి మొత్తం రూపాయలు మాత్రమే రావాలి. రైతు పేర్లు కూడా అంతే, ఒక్కో రైతుకి పార్టీ రికార్డు ఉంటుంది, జనరల్ లెడ్జరులో మాత్రం "రైతుల నుంచి రావలసినది" అని ఒక్క కంట్రోల్ ఖాతా, దానిలోకి చేత్తో జర్నల్ వేసే వీలు లేకుండా మూసేయాలి.

అంకెల పరిధులు: ఖాళీలు వదలండి, కథలు ఇరికించకండి

అయిదంకెల కోడు మధ్యస్థాయి కంపెనీకి హాయిగా సరిపోతుంది. మేం తీసుకున్నది ఇది:

```
10000–19999  ఆస్తులు
20000–29999  అప్పులు, చెల్లించాల్సినవి
30000–39999  మూలధనం, మిగులు
40000–49999  ఆదాయం
50000–59999  సరుకు, తయారీ ఖర్చు
60000–69999  జీతాలు, సిబ్బంది
70000–79999  ఇతర ఖర్చులు
80000–89999  వడ్డీ, తరుగుదల, పన్ను
90000–99999  ఖాళీ
```

ప్రతి పరిధిలోనూ ఉపపరిధికి వెయ్యి అంకెలు, ఖాతాకీ ఖాతాకీ మధ్య పది అంకెల ఎడం. 71010 కరెంటు, 71020 జనరేటర్ డీజిల్ అయితే రేపు సోలారు పెట్టినప్పుడు 71030 సిద్ధంగా ఉంటుంది. ఎడం లేకుండా 71011, 71012 అని వరసగా నింపేసిన కంపెనీలో కొత్త ఖర్చు వస్తే దానికి వరస చివర తప్ప చోటుండదు, కరెంటు ఒక చోట, దాని తోబుట్టువు ఇంకెక్కడో.

కోడులో జిల్లా, రేటు, సెక్షను నంబరు, మేనేజరు పేరు లాంటివి పెట్టకండి. కైకలూరు డిపోకి మేం మొదట్లో కృష్ణా జిల్లా అక్షరాలతో కోడు ఇచ్చాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, ఆ కోడు మాత్రం వేల వోచర్ల మీద అలాగే ఉండిపోయింది. "ఇన్‌పుట్ జీఎస్టీ 12%" అని లెడ్జర్లు తెరిచిన వాళ్ళ సంగతీ అంతే, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో ఆ 12 శాతం శ్లాబే తీసేశారు. రేటు అనేది పన్ను కోడులో ఉండాలి, ఖాతా పేరులో కాదు. టీడీఎస్ లెడ్జర్లకి సెక్షను నంబర్లతో పేర్లు పెట్టుకుంటే 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఆదాయపన్ను చట్టంలో ఆ నంబర్లు మారిపోతాయి. "టీడీఎస్ - కాంట్రాక్టర్లు", "టీడీఎస్ - అద్దె" అని పెట్టుకుంటే ఏ చట్టం వచ్చినా పేరు నిలబడుతుంది.

ఇంకొక సంగతి. పరిధుల వరసా షెడ్యూల్ 3 వరసా అచ్చంగా ఒకటే కానక్కర్లేదు. పొట్టుతీత కాంట్రాక్టు కూలీని మేం 55000లో పెట్టుకున్నాం, ప్లాంటు మార్జిన్ చూసుకోవడానికి. ఆడిటు లెక్కల్లో అది ఇతర ఖర్చుల కిందికి వెళ్తుంది. అందుకని ప్రతి ఖాతా పక్కన "షెడ్యూలు వరుస" అని ఒక కాలమ్ ఉంచుకుని అక్కడ నింపండి. ఆ కాలమ్ ఖాళీగా ఉన్న ఖాతాని ఎక్కించనివ్వకండి.

రవాణా: ఒక్క ఖాతా ఎంత పాడుచేస్తుందో

ఇది కాస్త నిదానంగా చూడండి. పాత పుస్తకంలో "రవాణా ఖర్చులు" అని ఒకే లెడ్జర్ ఉండేది. చెరువుగట్టు నుంచి ప్లాంటుకి రొయ్యలు తెచ్చిన వ్యాన్ కిరాయి అందులోనే, ప్లాంటు నుంచి విశాఖ పోర్టుకి వెళ్ళిన రీఫర్ కంటైనర్ కిరాయి అందులోనే. ఐసు కూడా "ప్లాంటు ఖర్చులు"లో ఎక్కడో కలిసిపోయేది. ఒక నెల అమ్మకం కోటీ 80 లక్షలు, రొయ్యల కొనుగోలు కోటీ 48 లక్షలు అనుకోండి, స్టాకు తేడా లేదనుకోండి. పుస్తకం చెప్పే స్థూల లాభం 32 లక్షలు, అంటే 17.8 శాతం. ఆ లెక్క మీదే ఓనర్ గారు విదేశీ కొనుగోలుదారుకి రేటు చెప్పేవారు.

కానీ ప్లాంటుకి చేర్చడానికి అయిన కిరాయి 6,20,000, దారిలో వాడిన ఐసు 3,20,000. రొయ్య ప్లాంటు గుమ్మం దాకా రావడానికి అయిన ఖర్చు రొయ్య ఖరీదులో భాగమే, స్టాకు విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్ కూడా అదే చెబుతుంది. ఆ 9,40,000 కలిపితే లాభం 22,60,000, అంటే 12.6 శాతం. అయిదు శాతం పైన తేడా. సరుకు తక్కువ రేటుకి ఇచ్చేస్తున్నామని తెలియకుండానే ఎన్నో కంటైనర్లు వెళ్ళిపోయాయి, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కొత్త పట్టీలో లోపలికి వచ్చే రవాణా 52210, ఐసు 52220, బయటికి వెళ్ళే రవాణా 74010. మూడు ఖాతాలు. వ్యాపారం గడి దీన్ని విడదీయలేదు, ఎందుకంటే మూడూ ప్లాంటువే. ఇక్కడ తేడా "ఏమిటి"లోనే ఉంది, కాబట్టి ఖాతానే విడగొట్టాలి. ఏది ఖాతా, ఏది గడి అని తేల్చుకునేటప్పుడు ఈ రవాణాని గుర్తుపెట్టుకోండి.

చోటు, వ్యాపారం: ఈ రెండు గడులే తప్పనిసరి

గడులు పెట్టడం మొదలెడితే అందరికీ ఆశ పుడుతుంది. బండి నంబరు కావాలి, సేల్స్‌మన్ కావాలి, పంట కావాలి, లాట్ కావాలి అంటారు. రోజుకి 90 వోచర్లు కొట్టే గుమాస్తా వైపు నుంచి ఆలోచించండి. తప్పనిసరి గడులు నాలుగు దాటితే అతను వేగం కోసం మొదట కనబడిన విలువే నొక్కుతాడు, రిపోర్టు నిండుగా కనబడుతుంది కానీ అబద్ధం చెబుతుంది. మేం చోటు, వ్యాపారం తప్పనిసరి చేశాం, బండి నంబరు ఐచ్ఛికం, అది కూడా వాహనాల ఖాతాల మీద మాత్రమే తెరుచుకుంటుంది. సేల్స్‌మన్ అమ్మకం బిల్లులో ఎలాగూ ఉంటాడు, లాట్ స్టాకులో ఉంటుంది.

చోట్లు ఆరు: హెడ్డాఫీసు, ప్లాంటు, పాలకొల్లు, కైకలూరు, నరసాపురం, యానాం. యానాం దగ్గర మన డెల్టా కంపెనీలు తరచూ పొరబడతాయి. గోదావరి ఒడ్డునే ఉన్నా అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, అక్కడ డిపో పెడితే జీఎస్టీ నమోదు వేరేగా తీసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలైతే దాని నంబరు 34తో మొదలవుతుంది. భీమవరం నుంచి యానాం డిపోకి మందుల పెట్టెలు పంపడం మన మనసుకి గోడౌను మార్పే, చట్టం దృష్టిలో మాత్రం ఇద్దరు వేర్వేరు వ్యక్తుల మధ్య సరఫరా, ఐజీఎస్టీతో బిల్లు వేయాలి. ఒకరి ఇన్‌పుట్ క్రెడిట్ ఇంకొకరి పన్నుకి సర్దడం కుదరదు.

దీనికి "జీఎస్టీ నంబరు" అని ఇంకో గడి అక్కర్లేదు. ప్రతి చోటుకీ ఒకే ఒక జీఎస్టీ నంబరు కట్టేయండి, చాలు. బ్యాలెన్స్ షీటు ఖాతాల మీద మామూలుగా చోటు అడగం, కానీ జీఎస్టీ ఖాతాలు, స్టాకు, స్థిరాస్తుల మీద చోటు తప్పనిసరి చేయాలి. మేం మొదటి నెలలో జీఎస్టీ ఖాతాల మీద అది మరిచిపోయాం. యానాం క్రెడిటు భీమవరం క్రెడిటుతో కలిసిపోయి లెడ్జరు నిల్వ పోర్టల్లో ఏ నంబరుతోనూ కలవలేదు, మొత్తం తీసుకుంటే మాత్రం సరిగ్గా కలుస్తోంది. రెండు నంబర్ల మొత్తం కలిసి, విడివిడిగా కలవకపోతే చోటు గడి ఎక్కడో ఖాళీగా పోయిందని అర్థం.

వ్యాపారానికి నాలుగు విలువలు: 10 ఫీడ్, 20 మందులు, 30 ప్లాంటు, 00 ఉమ్మడి. ఇవి ఓనర్ గారి ప్రశ్న కోసం పెట్టుకున్నవే కానీ జీఎస్టీకి కూడా అచ్చంగా అతికాయి. రొయ్యల ఫీడ్ మీద జీఎస్టీ లేదు, కాబట్టి ఫీడ్ కోసమే చేసిన ఖర్చుల మీద కట్టిన పన్ను తిరిగి రాదు, అది ఖర్చులోనే కలిసిపోవాలి. మందులకి పన్ను ఉంది, ఎగుమతి జీరో రేటెడ్, ఈ రెండింటి క్రెడిటు వస్తుంది. పాలకొల్లు డిపో అద్దె లాంటివి ఫీడుకీ మందులకీ ఉమ్మడి కాబట్టి, ఆ జీఎస్టీ నంబరు కింద జరిగిన మొత్తం అమ్మకాల్లో పన్ను లేని అమ్మకాల నిష్పత్తిలో క్రెడిటు కొంత వెనక్కి తిప్పాలి, రూల్ 42 అదే. అంటే వ్యాపారం గడి 10 అయితే క్రెడిటు లేదు, 20 గాని 30 గాని అయితే మామూలుగా ఉంది, 00 అయితే పంచాలి, ఆ పంపకం ఏ జీఎస్టీ నంబరు కింద చేయాలో చోటు గడి చెబుతుంది. బిల్లు ఎక్కించేటప్పుడే ఈ రెండు గడులూ సరిగా పడితే నెలాఖరు లెక్క గంటలో అయిపోతుంది. ముందు ఈ పని కోసం మేం బిల్లుల కట్టలు నేల మీద పరుచుకుని కూర్చునేవాళ్ళం.

00 విషయంలో కాస్త కఠినంగా ఉండండి. ఏది నొక్కాలో తెలియనప్పుడల్లా చెయ్యి దాని మీదికే వెళ్తుంది. ఏ ఖాతాల మీద 00 వాడొచ్చో ముందే రాసిపెట్టండి, హెడ్డాఫీసు జీతాలు, ఆడిటు ఫీజు, డిపో అద్దె, కరెంటు లాంటివి. రొయ్యల కొనుగోలు మీద, ఐసు మీద 00 పడకూడదు, సాఫ్ట్‌వేరే ఆపాలి. అలాగే నరసాపురంలో ఫీడ్ అమ్మం కాబట్టి నరసాపురం, 10 జత కూడా మూసేయాలి. ఉమ్మడి ఖర్చుని వ్యాపారాలకి పంచి చూడాలనుకుంటే అసలు ఖాతాని కదపకండి, 79000లో "పంపకం ఇచ్చినది", "పంపకం తీసుకున్నది" అని రెండు ఖాతాలు పెట్టి వాటితో వేయండి. అద్దె ఎంత కట్టామన్న అంకె ఎప్పుడూ అద్దె ఖాతాలో అలాగే కనబడాలి.

ఒక్క బిల్లు నడిపించి చూడండి

నరసాపురం పాయింటు నుంచి 18,400 రూపాయల డీజిల్ బిల్లు వచ్చింది. వెనక పెన్సిలుతో ఏమీ రాయలేదు. ఫోను చేస్తే అక్కడి సూపర్‌వైజరు "ఆయ్, పన్నెండు వేలది ఐసు క్రషరు జనరేటర్‌లో పోశామండి, మిగతాది వ్యాన్‌కండి" అన్నాడు. ఎంట్రీ ఇలా పడుతుంది:

```
71020  నరసాపురం  30   12,000   జనరేటర్ డీజిల్
52210  నరసాపురం  30    6,400   లోపలి రవాణా
21010                 -18,400   బంకుకి ఇవ్వాల్సినది
```

డీజిల్ జీఎస్టీలోకి రాదు కనుక పన్ను వరుస లేదు. పాత పుస్తకంలో ఇదే బిల్లు "డీజిల్ - నరసాపురం" అని ఒక్క వరుసలో పడేది, వ్యాన్ మీద అయిన 6,400 రొయ్య ఖరీదులోకి చేరేదే కాదు. సూపర్‌వైజరుకి ఫోను చేసే పని లేకుండా, ఆ మర్నాటి నుంచి బిల్లు వెనక "జనరేటరు", "వ్యాను" అని రెండు గడుల రబ్బరు స్టాంపు కొట్టించాం. పట్టీ ఎంత బాగా గీసినా కాగితం మీద ఆ సమాచారం లేకపోతే గుమాస్తా ఊహించే రాస్తాడు.

ఎక్కించే ముందు ఇద్దరితో పరీక్ష

ఒక పాత నెల నుంచి అన్ని రకాలూ వచ్చేలా 60 వోచర్లు తీయండి, మార్చివి కొన్ని తప్పకుండా కలపండి, ఏడాది చివరి సర్దుబాట్లు అక్కడే ఉంటాయి. ఇద్దరు మనుషులకి విడివిడిగా ఇచ్చి కొత్త పట్టీతో కోడులు వేయించండి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. మాకు 11 చోట్ల తేడా వచ్చింది. అందులో 7 ఒకే జబ్బు: ఏరేటర్ మోటారుకి కొత్త బేరింగు వేస్తే అది మిషనరీ రిపేరా, స్పేర్ పార్టా? ఇద్దరిదీ తప్పు కాదు, మా పట్టీలోనే రెండు ఖాతాల మధ్య గట్టు లేదు. ప్రతి ఖాతాకీ ఒక వాక్యం రాశాం, ఇందులో ఏది వస్తుంది, ఏది రాదు అని. స్టోర్సులో నిల్వ పెట్టి వాడిన భాగం అయితే స్పేర్, మెకానిక్ తెచ్చి బిగించి ఒకే బిల్లు ఇస్తే రిపేరు. మళ్ళీ వేరే 60 తీసి చేయిస్తే తేడాలు 2కి దిగాయి. రెండోసారి కూడా అయిదారు దాటితే ఎక్కించకండి, ఇంకో వారం ఆగండి.

ఇంత ఓపిక ఎందుకంటే, చాలా సాఫ్ట్‌వేర్లలో ఒకసారి లావాదేవీలు పడ్డాక సెగ్మెంట్ల సంఖ్య, వరస, కోడు పొడవు మార్చడం దాదాపు కుదరదు, పేర్లు మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడా నమోదు కావాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. గుట్టుగా వెనక్కి వెళ్ళి సర్దేసుకునే రోజులు పోయాయి, సర్దుబాటు చేస్తే అదీ కనబడుతుంది.

పాతదాని నుంచి కొత్తదానికి

పాత 412కీ పక్కన కొత్త ఖాతా, చోటు, వ్యాపారం రాసుకుంటూ పొండి. చాలావాటికి ఒకటే జవాబు ఉంటుంది, "డీజిల్ - పాలకొల్లు" చూడగానే తెలిసిపోతుంది. అసలు కష్టం "రవాణా", "రిపేర్లు", "ఇతర ఖర్చులు" లాంటి, ఒకటి నాలుగుగా విడిపోయే లెడ్జర్లతో. వాటికి ఏడాది వోచర్లు చదవాల్సిందే. మాకు అలాంటివి 23 వచ్చాయి, ఆరు వారాల్లో రెండు వారాలు వాటికే పోయాయి.

కొత్త పట్టీని ఏప్రిల్ 1నే మొదలెట్టడం మేలు. అయితే షెడ్యూల్ 3 గత ఏడాది అంకెలు పక్కన చూపమంటుంది కాబట్టి, గత పన్నెండు నెలల మొత్తాలు కూడా నెలవారీగా కొత్త కోడుల్లోకి తేవాలి, వోచర్లు అక్కర్లేదు. తెచ్చాక ఒక్క పరీక్ష చేయండి: "షెడ్యూలు వరుస" కాలమ్ ప్రకారం మొత్తాలు తీసి, ఆడిటర్ గారు సంతకం చేసిన గత ఏడాది బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల పట్టీలతో వరుస వరుసకీ పోల్చండి. మాది మిషనరీ రిపేర్ల దగ్గర 1,35,000 తేడా చూపింది. వెతికితే ప్లాంటు పైకప్పు రేకుల బిల్లు మిషనరీలోకి వెళ్ళింది, అది బిల్డింగుది. ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం అప్పటికే సరిపోయింది, ఎందుకంటే రెండూ ఖర్చు వైపే ఉన్నాయి.

ఎక్కించాక

కొత్త ఖాతా తెరిచే హక్కు ఒక్కరికే ఇవ్వండి, డిపోల్లో ఎవరికీ వద్దు. అడిగేవాళ్ళు పైన చెప్పిన మూడు ప్రశ్నలకీ జవాబు రాసి పంపాలి. మాకు మొదటి మూడు నెలల్లో 31 అడిగారు, 4 ఇచ్చాం, మిగతావన్నీ చోటుగానో, స్టాకు ఐటమ్‌గానో, పార్టీగానో తేలాయి. సస్పెన్స్ ఖాతా ప్రతి నెలాఖరుకి సున్నా కావాలి, 00 వ్యాపారంలో పడిన మొత్తం కిందటి నెల కన్నా పెరిగితే ఆ వోచర్లు తెరిచి చూడాలి. పార్టీలకి, నగదు ఖాతాలకి డిఫాల్టు గడులు కట్టడం మొదటి నెలలోనే చేసేయండి: ఐసు ఫ్యాక్టరీ పార్టీ ఎంచుకోగానే 30, పాలకొల్లు చిల్లర నగదు ఎంచుకోగానే పాలకొల్లు తమంతట తామే రావాలి.

మొదటి ఏప్రిల్ లెక్క మే 4న ఇచ్చాం. ఓనర్ గారు రెండు అంకెలూ చూసి, నేరుగా యానాం వరుస దగ్గర ఆగి, "ఇక్కడ అద్దె కూడా రావడం లేదేంటండీ?" అన్నారు. అది నిజమే, డిపో మొదలైన రోజు నుంచీ అలాగే ఉంది, ఇంతకు ముందు ఆ వరుస లేదు.